ఒకే ఆర్డర్‌కు తొమ్మిది మెసేజ్‌లు: క్షమాపణ గురించి అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఒక చిన్న ఆన్‌లైన్ కొట్టుకు మెసేజ్‌లు, పేమెంట్‌లు చూసేది నేనే. శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టాలు, చీరలు అమ్ముతాం. ఒక సాయంత్రం ‘మీ ఆర్డర్ అందింది’ అనే మెసేజ్ ఒక్కొక్కరికి తొమ్మిది సార్లు పోయింది. ముందుగా ఫోన్ చేసింది చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి ఒక పెద్దామె. "ఏం నాయనా, నేను కొన్నింది ఒక్క దుపట్టానే కదా, తొమ్మిది పంపిస్తా ఉండారా? దుడ్డు కూడా తొమ్మిది సార్లు పోయిందా?"

అపోహ: తప్పు జరిగిన వెంటనే క్షమాపణ పంపేయాలి.

ముందు కుళాయి కట్టేయాలి. పాడైన దారిలోనే క్షమాపణ పంపితే అదీ తొమ్మిది సార్లే పోతుంది. మేం మొదట మెసేజ్‌లు పంపే ప్రోగ్రామ్‌ను ఆపేసి, తర్వాత కారణం వెతికాం. డబ్బు అందగానే, ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే పేమెంట్ గేట్‌వే మా సర్వర్‌కు కబురు పంపుతుంది. ‘అందింది’ అని మేం జవాబిచ్చేదాకా, కొంత వ్యవధి ఇచ్చి, ఆ కబురే మళ్లీ మళ్లీ పంపుతుంది. మా ప్రోగ్రామ్ ముందు ఎస్సెమ్మెస్ పంపి, ఆ తర్వాతే జవాబిచ్చేది. ఆ రోజు ఎస్సెమ్మెస్ కంపెనీ దగ్గర ఆలస్యం జరిగింది. మా జవాబు గడువు దాటింది. గేట్‌వే అందలేదనుకుని మళ్లీ పంపింది, మేం మళ్లీ ఎస్సెమ్మెస్ కొట్టాం. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు, ఒక్క మేం తప్ప.

ఇప్పుడు ముందు జవాబిస్తాం, ఎస్సెమ్మెస్ తర్వాత. దాంతోపాటు పంపబోయే ప్రతి మెసేజ్‌ను ముందు ఒక పట్టికలో రాస్తాం. అదే ఆర్డర్‌కు అదే మెసేజ్ రెండోసారి వస్తే ఆ పట్టిక ఒప్పుకోదు:

```sql
ALTER TABLE sent_alerts
ADD UNIQUE (order_id, alert_type);
```

పట్టికలో వరుస పడితేనే మెసేజ్ బయటికి వెళ్తుంది.

అపోహ: ‘సాంకేతిక లోపం వల్ల అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అంటే సరిపోతుంది.

ఆ పెద్దామె అడిగిన రెండు ప్రశ్నల్లో ఒక్కదానికీ ఇందులో జవాబు లేదు. డబ్బు ఎన్నిసార్లు పోయింది, పార్సిళ్లు ఎన్ని వస్తాయి? ఆమె అడగని మూడో విషయం ఇంకా ముఖ్యం. ఇలాంటి గందరగోళంలో ఎవడో ఫోన్ చేసి "అదనపు ఆర్డర్లు క్యాన్సిల్ చేస్తాం, ఓటీపీ చెప్పండి" అంటే నమ్మేస్తారు. అందుకే మేం రాసింది ఇది:

"నమస్తే. మీ ఆర్డర్ KD2417 మెసేజ్ నిన్న మా పొరపాటు వల్ల 9 సార్లు వచ్చింది. ఆర్డర్ ఒక్కటే, డబ్బు కట్ అయింది ఒక్కసారే, పార్సిల్ ఒక్కటే. మీరేం చేయక్కర్లేదు. దీని కోసం మేం ఫోన్ చేయం, ఓటీపీ అడగం. క్షమించండి."

‘డబ్బు కట్ అయింది ఒక్కసారే’ అనే మాట ఊహించి రాయకూడదు. గేట్‌వే రిపోర్ట్‌లో ప్రతి ఆర్డర్‌నూ సరిపోల్చాం. ముగ్గురు నిజంగానే రెండుసార్లు కట్టారు. పేజీ కదలకపోయేసరికి బటన్ మళ్లీ నొక్కినట్టున్నారు. ఆ ముగ్గురినీ ఈ జాబితా నుంచి తీసేసి, ముందు రిఫండ్ వేసి, దాని నంబర్‌తో వేరే మెసేజ్ పంపాం. వాళ్లకు కూడా పై మెసేజే పోయుంటే క్షమాపణే అబద్ధమయ్యేది.

అపోహ: ఎస్సెమ్మెస్సే కదా, రాసి పంపేయడమే.

మన దేశంలో వ్యాపారం పేరుతో పోయే ఎస్సెమ్మెస్ ప్రతిదానికీ ముందుగా టెలికాం కంపెనీల డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో నమోదైన టెంప్లేట్, అంటే మెసేజ్ నమూనా, ఉండాలి. ఆర్డర్ నంబర్, సంఖ్య లాంటివి మారే ఖాళీలుగా పెట్టొచ్చు, మిగతా మాటలు అక్షరం మారకూడదు. మా దగ్గర క్షమాపణ టెంప్లేటే లేదు! ఆమోదం వచ్చేసరికి మరుసటి రోజు మధ్యాహ్నమైంది. మెసేజ్‌లో ‘నిన్న’ అని ఉన్నది అందుకే. ఆ రాత్రికి ఈమెయిల్‌తో, సైట్‌లో ఆర్డర్ పేజీ మీద ఒక గమనికతో నెట్టుకొచ్చాం.

ఖర్చు సంగతీ ఉంది. తెలుగు ఎస్సెమ్మెస్ ఒకదానికి 70 గుర్తులే. అది దాటితే ముక్కకు 67 గుర్తుల చొప్పున లెక్క. గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడి గుర్తులే. ‘క్షమించండి’ కంటికి నాలుగు అక్షరాలు, లెక్కలో 10. పై మెసేజ్ సరిగ్గా 200, అంటే మూడు ముక్కలు. చివర కొట్టు పేరు చేర్చాక నాలుగయ్యాయి. ఇంగ్లిష్‌లో అయితే తక్కువలో పోయేది, కానీ గ్రీమ్స్‌పేట పెద్దామెకు అర్థం కావాలి కదా.

అపోహ: జాగ్రత్త కోసం కస్టమర్లందరికీ పంపాలి.

వద్దు. తప్పు మెసేజ్ రాని వాళ్లకు అదొక కొత్త టెన్షన్.

అపోహ: డిస్కౌంట్ కూపన్ జోడిస్తే కోపం తగ్గుతుంది.

కూపన్ పెడితే అది ప్రచార మెసేజ్ అయిపోతుంది, దాని రూల్స్ వేరు. పైగా డబ్బు పోయిందేమో అన్న భయంలో ఉన్న మనిషికి పది శాతం తగ్గింపు చూపిస్తే ఒళ్లు మండుతుంది.

పంపేముందు నా ఫోన్‌కు, ప్యాకింగ్ చేసే అబ్బాయి ఫోన్‌కు మాత్రమే పంపి పది నిమిషాలు ఆగాం. ఇద్దరికీ ఒక్కోటే వచ్చింది. అప్పుడు జాబితా వదిలాం.