తెర మీద బ్యాంకు నంబరే, అవతల మాత్రం దొంగ

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బాబాయికి ఓ మధ్యాహ్నం ఫోనొచ్చింది, తెర మీద బ్యాంకు పేరే పడింది, డెబిట్ కార్డు వెనకుండే 1800 నంబర్ని ఆ పేరుతో సేవ్ చేసుకున్నది ఆయనే మరి. అడిగితే ఓటీపీ చెప్పేశాడు, 40,000 పోయాయి. వెంటనే అదే నంబరుకి తిరిగి చేస్తే అసలు బ్యాంకు పలికింది! "ఒరేయ్, ఇది లోపలివాళ్ల పనేరా" అని తేల్చేశాడు.

లోపలివాళ్లు అక్కర్లేదు. ఉత్తరం మీద టు అడ్రసు తప్పయితే చేరదు గానీ ఫ్రం అడ్రసు ఏం రాసినా చేరుతుంది కదా, కాల్ కూడా అంతే. మోసగాడు ఫ్రం దగ్గర బ్యాంకు నంబరు రాశాడు. బాబాయి తిరిగి చేసినప్పుడు అది టు అయింది, అసలు ఓనరు దగ్గరికెళ్లింది. ఫోను కూడా వచ్చిన నంబర్ని కాంటాక్టుల్లో వెతికి పేరు చూపిస్తుందంతే, నిజమా కాదా అని చూడదు.

ఈ సందు ఎలా మిగిలిందంటే, 1970ల్లో తయారైన ఎస్ఎస్7 అనే పద్ధతిలో ఎక్స్ఛేంజీలు ఒకదానికొకటి కాల్ వివరాలు పంపుకునేవి, అప్పట్లో ఉన్నవి కొద్ది టెలిఫోన్ సంస్థలే కాబట్టి అవతలివాడు పంపిన నంబర్ని అనుమానించే అవసరం రాలేదు. తర్వాత పెద్ద ఆఫీసులు తమ సొంత ఎక్స్ఛేంజీ నుంచి ఏ ఎక్స్‌టెన్షన్‌తో చేసినా ఒకే మెయిన్ నంబరు కనపడాలన్నాయి, ఆ వీలూ ఇచ్చారు. ఇందులో తప్పేం లేదు. ఇంటర్నెట్ కాలింగ్ వచ్చాకే కథ మారింది, అందులో `From` అనేది సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసే ఒక లైను. మధ్యలో ఉన్న కంపెనీ పట్టించుకోకపోతే అదే ముందుకెళ్తుంది. అమెరికాలో 2004కే దీన్ని డబ్బులకి అమ్మే వెబ్‌సైటు వచ్చింది.

మన దగ్గర అసలు తలనొప్పి విదేశాల నుంచి +91తో వచ్చే కాల్స్. అన్నీ ఆపేద్దామంటే దుబాయ్ వెళ్లినవాడు రోమింగ్‌లో ఇంటికి చేసే కాల్ కూడా అలాగే వస్తుందాయె. అందుకే 2024 అక్టోబరులో టెలికాం శాఖ పెట్టిన వ్యవస్థ ఆ మొబైల్ నంబరు నిజంగా రోమింగ్‌లో ఉందా అని చూసి, లేకపోతే ఆపేస్తుంది. ల్యాండ్‌లైన్‌కైతే రోమింగే లేదు, కాబట్టి విజయవాడ 0866 నంబరు విదేశీ గేట్‌వేలోంచి వచ్చిందంటే ఇంకేం చూడక్కర్లేదు.

కానీ దేశం లోపలే పుట్టిన కాల్‌కి ఈ జల్లెడ తగలదు. ఇక 1800 అనేది మనం చేయడానికి పెట్టిన నంబరు, ఆర్‌బీఐ 2025 జనవరిలో బ్యాంకులు కస్టమర్లకి చేసే సర్వీసు కాల్స్‌కి 1600 సిరీసే వాడమంది. బాబాయికి ఇదంతా చెప్తే కాసేపు ఆలోచించి కాంటాక్టుల్లోంచి ఆ పేరు తీసేశాడు, నంబరు మాత్రం క్యాలెండరు వెనక రాసుకున్నాడు.