డబ్బు కట్ అయింది, చలానా రాలేదు: జీఎస్టీ కట్టేవాళ్ల అపోహలు – వాస్తవాలు

ప్రతి నెలా 20వ తేదీ రాత్రి నా ఫోన్‌కి ఒకే రకం స్క్రీన్‌షాట్ వస్తుంది. బ్యాంకు ఎస్సెమ్మెస్, దాని కింద "ఆడిటర్ గారూ, కట్టేశాం, 3బీ వేసేయండి" అని మెసేజ్. 3బీ అంటే నెలవారీ జీఎస్టీ రిటర్న్. పోర్టల్ తెరిస్తే, కట్టిన డబ్బు జమ కనపడాల్సిన క్యాష్ లెడ్జర్‌లో సున్నా. మళ్లీ ఫోన్. "అదేంటండీ, డబ్బు పోయింది కదా!"

పోయింది నిజమే. ఎక్కడికి పోయిందన్నదే అసలు ప్రశ్న.

అపోహ: ఖాతాలో డెబిట్ పడిందంటే పన్ను కట్టినట్టే. స్టేట్‌మెంట్ చూపిస్తే చాలు.

అందరికీ ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. డెబిట్ అంటే డబ్బు మీ ఖాతా దాటిందని మాత్రమే అర్థం. సీజీఎస్టీ చట్టం 49వ సెక్షన్ వివరణ ప్రకారం, అధీకృత బ్యాంకులో ప్రభుత్వ ఖాతాకు జమ అయిన తేదీయే క్యాష్ లెడ్జర్‌లో డిపాజిట్ తేదీ. మీ ఖాతాలో కట్ అయిన తేదీ అని అందులో ఎక్కడా లేదు. జమ అయ్యాక బ్యాంకు సిన్ అనే చలానా గుర్తింపు నంబర్ ఇస్తుంది. అది చలానా తయారుచేసినప్పుడు పోర్టల్ ఇచ్చే 14 అంకెల సీపిన్ చివర మూడక్షరాల బ్యాంకు కోడ్ కలిపిన నంబర్. అది పోర్టల్‌కి చేరితేనే లెడ్జర్ నిండుతుంది. బ్యాంకు పేజీ మధ్యలో ఆగిపోతే డెబిట్ పడి కూడా సిన్ పుట్టకపోవచ్చు, లేదా పుట్టినా పోర్టల్‌కి చేరకపోవచ్చు.

అంతమాత్రాన స్టేట్‌మెంట్ పనికిరాదనుకోకండి. ఆ సిన్‌ని బ్యాంకు దగ్గర రాబట్టడానికి మీ చేతిలో ఉన్న ఆధారం అదే. దాన్ని చూపించాల్సింది మాత్రం జీఎస్టీ ఆఫీసులో కాదు. మీ లెడ్జర్‌లో డబ్బు వేసే అధికారం సర్కిల్ ఆఫీసర్‌కి లేదు. పాపం, ఆయన దగ్గరికి వెళ్లి రెండు గంటలు కూర్చుని వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు.

దీనికోసం సీజీఎస్టీ నియమం 87(8) కింద పీఎమ్‌టీ-07 అనే ఫారం ఉంది. డెబిట్ అయి 24 గంటలు గడిచినా లెడ్జర్‌లోకి రాకపోతే, పోర్టల్‌లో Services > Payments లోకి వెళ్లి Grievance against Payment (GST PMT-07) తెరవాలి. సీపిన్ ఇచ్చి, డెబిట్ అయింది గానీ లెడ్జర్‌లో పడలేదనే ఫిర్యాదు ఎంచుకుని, డెబిట్ తేదీ, బ్యాంకు రిఫరెన్స్ నంబర్, మొత్తం రాయాలి. అది నేరుగా మీరు కట్టిన బ్యాంకుకో గేట్‌వేకో వెళ్తుంది. ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోండి.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఎస్సెమ్మెస్ స్క్రీన్‌షాట్ పెట్టి ఊరుకుంటారు. అందులో సీపిన్ ఉండదు, ఒక్కోసారి రిఫరెన్స్ నంబర్ కూడా ఉండదు. నేను అడిగేది పీడీఎఫ్ స్టేట్‌మెంట్, అదీ డెబిట్ అయిన రోజు నుంచి ఫిర్యాదు పెట్టే రోజు వరకు. ఎందుకంటే మధ్యలో అదే మొత్తం తిరిగి క్రెడిట్ అయి ఉండవచ్చు. రివర్సల్ వచ్చేసిన డబ్బు కోసం వారం రోజులు బ్యాంకుతో పోట్లాడినవాళ్లు నాకు తెలుసు.

మా క్లయింట్ ఒకాయనకి సిమెంటు, ఇనుము వ్యాపారం. మొన్నామధ్య 20వ తేదీ సాయంత్రం 7:40కి రూ.84,600 నెట్ బ్యాంకింగ్‌లో కట్టారు. చక్రం తిరిగి తిరిగి పేజీ ఆగిపోయింది, డబ్బు మాత్రం కట్ అయింది. ఆయన గొంతులో టెన్షన్. "మళ్లీ కట్టేయమంటారా? ఓడీలోంచి తీయాలి" అన్నారు. ఆగమన్నాను. Challan History లో ఆ సీపిన్ ఎదుట స్థితి Initiated అని ఉంది. Failed అని ఉంటే లెక్క వేరు. Initiated అంటే బ్యాంకు దగ్గర నుంచి జవాబు ఇంకా రాలేదని. ఇలాంటివి కొన్ని కొన్ని గంటల్లో వాటంతటవే సర్దుకుంటాయి.

ఇది సర్దుకోలేదు. మర్నాడు రాత్రి పీఎమ్‌టీ-07 వేశాం. 22న ఆయన్ని బ్రాంచికి పంపాను. స్టేట్‌మెంట్‌లో ఆ డెబిట్ లైను పసుపు రంగు పెన్నుతో గీసి, పక్కన సీపిన్ రాసి, ఫిర్యాదు నంబర్ జతచేశాం. కౌంటర్లో అమ్మాయి "మాకు సంబంధం లేదు, పోర్టల్ ప్రాబ్లమ్" అంది. ఈ మాట మీకూ చెప్తారు. నియమంలో ఫిర్యాదు వెళ్లాల్సింది బ్యాంకుకే అని ఉంది కాబట్టి, లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు ముద్ర వేయించుకు రమ్మన్నాను. 24న లెడ్జర్‌లో పడింది. డిపాజిట్ తేదీ 20, బ్యాంకు రిపోర్ట్ చేసిన తేదీ 24. లెడ్జర్‌లో ఈ రెండూ వేర్వేరు గడులు, తప్పకుండా చూడండి.

అదే రోజు 3బీ వేశాం. నాలుగు రోజులకి రోజుకి 50 చొప్పున లేట్ ఫీజు రూ.200 అయింది. ఏడాదికి 18 శాతం వడ్డీ వేసుకుంటే ఆ మొత్తం మీద నాలుగు రోజులకి సుమారు రూ.167. ఆ వడ్డీ కట్టక్కర్లేదు. గడువు తేదీకల్లా లెడ్జర్‌లో జమై, రిటర్న్ వేసేదాకా అక్కడే ఉన్న మొత్తాన్ని వడ్డీ లెక్కలోకి తీసుకోకూడదని 2024 జూలైలో నియమం 88బీ కి చేర్చారు. అయితే డిపాజిట్ తేదీ 20 అని పడింది కాబట్టే ఇది వర్తించింది. ప్రభుత్వ ఖాతాకి బ్యాంకు 23న జమ చేసి ఉంటే ఆ నాలుగు రోజుల వడ్డీ ఆయన మీదే పడేది. అప్పుడు స్టేట్‌మెంట్ చూపించి బ్యాంకుని అడగాల్సిందే గానీ జీఎస్టీ వాళ్లని కాదు.

అపోహ: వెంటనే మళ్లీ కట్టాలి, లేకపోతే కొంప మునుగుతుంది.

పై లెక్కే చూడండి. నాలుగు రోజులు ఆగితే 200 రూపాయలు. చేతిలో డబ్బు ఖాళీగా ఉంటే కొత్త సీపిన్‌తో కట్టేయండి, తప్పేం లేదు. ఓడీ లాగి, బంగారం పెట్టి కట్టకండి. నా దగ్గరికి వచ్చిన ఒక బట్టల షాపు అబ్బాయి కంగారులో మూడుసార్లు కట్టాడు, మూడూ జమ అయ్యాయి. పండగ సరుకు తేవాల్సిన డబ్బు లెడ్జర్‌లో కూర్చుంది.

అపోహ: రెండోసారి కట్టింది పోయినట్టే.

పోదు. లెడ్జర్‌లో ఉంటుంది, వచ్చే నెల వాడుకోండి. లేదా ఆర్‌ఎఫ్‌డీ-01 అనే రీఫండ్ ఫారంలో లెడ్జర్ మిగులు వాపసు అడగండి.

అపోహ: సీపిన్ 15 రోజుల్లో చచ్చిపోతుంది, దాంతో డబ్బూ పోతుంది.

ఆ 15 రోజులు డబ్బు కట్టడానికి. కట్టిన డబ్బుకి గడువు లేదు.

అపోహ: నెఫ్ట్ చేస్తే అన్నీ ఆటోమేటిక్.

ఎక్కువసార్లు అంతే. పడకపోతే చలానాలోకి వెళ్లి, ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చిన యూటీఆర్ నంబర్ మీరే లింక్ చేయాలి. మొత్తం రూపాయి తేడా ఉన్నా వెనక్కి వచ్చేస్తుంది.

బ్యాంకు ఎంతకీ కదలకపోతే? 2022 డిసెంబర్ నుంచి ఇంకో దారి ఉంది. బ్యాంకు సిన్ వివరాలు పంపకపోయినా, ప్రభుత్వ ఖాతాలోకి వచ్చిన డబ్బుల జాబితా, అంటే ఆర్‌బీఐ ఈ-స్క్రోల్‌లో ఉన్న వివరాలు మీ చలానాతో సరిపోలితే దాని ఆధారంగా లెడ్జర్ నింపవచ్చు. డబ్బు అసలు ఆర్‌బీఐ దాకా చేరకపోతే మాత్రం ఇది పనిచేయదు. బ్యాంకుకి రాసి 30 రోజులు గడిచినా జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టవచ్చు. ఆ ముద్ర వేయించిన కాగితం అప్పుడు అడుగుతారు.

సిమెంటు ఆయన ఇప్పుడు 17నే కట్టేస్తున్నారు. స్క్రీన్‌షాట్ మాత్రం ఇంకా 20నే పంపిస్తున్నారు.