ప్లాటు పేరుతో డిపాజిట్: అగ్రిగోల్డ్ నుంచి ప్రీలాంచ్ దాకా

విజయవాడ కేంద్రంగా 1995లో మొదలైన అగ్రిగోల్డ్ కంపెనీ తన రసీదుల్లో డిపాజిట్ అనలేదు, ప్లాటుకు అడ్వాన్సు అంది. గడువు తీరాక భూమైనా తీసుకోవచ్చు, డబ్బైనా తీసుకోవచ్చు అన్నారు. కట్టినవాళ్లలో ఎక్కువమంది చూసింది డబ్బునే. 2015 నాటికి చెల్లింపులు ఆగి కేసులు పడేసరికి, పలు రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మందికి రావాల్సింది దాదాపు 6,380 కోట్లని తేలింది.

భూమి మాట ఎందుకొచ్చిందంటే, ఈలోగా పాత దారి ఒకటి మూసుకుపోయింది. తొంభైల్లో టేకు తోటల పేరుతో డబ్బు పోగేసిన కంపెనీలు మునిగాక, నలుగురి డబ్బు ఒకచోట చేర్చి లాభం పంచుతామనే పథకాలకు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ 1999లో నిబంధనలు వచ్చాయి. దాంతో పథకం కాస్తా ‘స్థలం అమ్మకం’ అయింది.

ఊళ్లో దీన్ని నమ్మించింది కంపెనీ కాదు, ఏజెంటు. అతను మేనమామో, పక్కింటి మాస్టారో అయ్యుంటాడు. రసీదు అడగడానికే మొహమాటం, ఇక లెక్క అడిగేదెవరు? అడగాల్సింది ఆ లెక్కే. ఐదేళ్లలో రెట్టింపు ఇస్తామంటే ఏడాదికి దాదాపు 15 శాతం. కట్టిన వందలో ఇరవై ఏజెంట్ల కమీషన్‌కు పోయిందనుకోండి, మిగిలిన ఎనభై కాస్తా రెండు వందలు కావాలంటే ఏటా 20 శాతం పెరగాలి. పోస్టాఫీసు కిసాన్ వికాస్ పత్రలో రెట్టింపుకు 115 నెలలు పడుతోంది. అంత వేగంగా, అదీ ఏ ఏడాదీ తగ్గకుండా పెరిగే వ్యాపారం కనబడకపోతే, పాతవాళ్లకు అందుతున్నది కొత్తవాళ్ల సొమ్మే. మొదట్లో ఠంచనుగా చెల్లించారన్నది నమ్మకానికి రుజువు కాదు. అలా చెల్లిస్తేనే కదా కొత్తవాళ్లు చేరేది!

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో పదివేల లోపు, 2021లో ఇరవై వేల లోపు అగ్రిగోల్డ్‌లో కట్టినవారికి ఖజానా నుంచి ఇచ్చింది. అంతకు మించి కట్టినవాళ్లు జప్తు ఆస్తుల మీద ఆశ పెట్టుకుని కూర్చున్నారు.

అనుమతి లేని డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో కేంద్రం చట్టం తెచ్చింది. అయితే స్థిరాస్తి కొనుగోలు ఒప్పందం కింద తీసుకుని, ఆ ఆస్తి ధరలోనే సర్దుబాటు చేసే అడ్వాన్సును డిపాజిట్‌గా లెక్కించరు. నిజమైన కొనుగోళ్లకు ఆ మినహాయింపు కావాల్సిందే. కానీ హైదరాబాద్ చుట్టూ అనుమతులు రాకముందే అమ్మే ప్రీలాంచ్, అమ్మిన స్థలాన్ని కొన్నాళ్లకు ఎక్కువ ధరకు తామే కొంటామనే బైబ్యాక్ అంటూ తిరిగేవాళ్లకూ అది నీడనిస్తోంది. బైబ్యాక్‌లో అమ్ముతున్నది స్థలం కాదు, వడ్డీ. కట్టేముందు స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా కింద ఇచ్చే నంబరు అడగండి. ఆ చట్టం కిందికి వచ్చే ప్రాజెక్టులో నంబరు రాకముందు అమ్మడమే నేరం, రిజిస్టరు చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. మొత్తం సొమ్ము ఇప్పుడే కడితే తగ్గింపు అన్నారంటే, ఈ రెండో నిబంధనను అక్కడే దాటేస్తున్నారన్నమాట.