చివరి పేజీలో జవాబు చూశాక ఏం చేయాలి?

పిల్లలూ,

లెక్క ఎంతకీ రాకపోతే పుస్తకం చివరి పేజీ తిప్పి జవాబు చూస్తాం. అందులో తప్పేమీ లేదు. అక్కడ దారి ఉండదు, ఒక్క సంఖ్య మాత్రం ఉంటుంది. దాన్ని నోటుబుక్కులోకి ఎక్కించేసి తర్వాతి లెక్కకు వెళ్లిపోతేనే నష్టం. ఆ ఒక్క సంఖ్యను పట్టుకుని వెనక్కి నడిస్తే లెక్క చేసే పద్ధతి దొరుకుతుంది. ఎలాగో ఒక లెక్క తీసుకుని చూపిస్తాను. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకోండి.

పదో తరగతిలో వర్గ సమీకరణాల దగ్గర వచ్చే లెక్క ఇది. ఒక రైలు 360 కిలోమీటర్లు ఒకే వేగంతో వెళ్లింది. వేగం గంటకు 5 కిలోమీటర్లు ఎక్కువ ఉండి ఉంటే, ఆ ప్రయాణం ఒక గంట ముందే అయిపోయేది. రైలు వేగం ఎంత? జవాబు: గంటకు 40 కిలోమీటర్లు.

ముందు ఆ 40 నిజమో కాదో సరిచూడండి. నోటితో కాదు, ఒక్క అడుగు కూడా వదలకుండా కాగితం మీద. గంటకు 40 చొప్పున 360 కిలోమీటర్లు వెళ్లడానికి 360 ÷ 40, అంటే 9 గంటలు. వేగం 5 పెరిగితే 40 + 5 = 45. అప్పుడు 360 ÷ 45, అంటే 8 గంటలు. తేడా 9 − 8 = 1. లెక్కలో చెప్పింది కూడా ఒక గంటే. సరిపోయింది.

చాలామంది ఇక్కడ టిక్కు పెట్టి ఆగిపోతారు. నిజానికి మీరు ఇప్పుడు రాసిన ఆ నాలుగు వరుసల్లోనే సమీకరణం మొత్తం ఉంది. బయటికి తీయడమే మిగిలింది.

సరిచూసిన వరుసల్లో ఏయే సంఖ్యలున్నాయో చూడండి: 360, 40, 9, 5, 45, 8, 1. వీటిలో ప్రశ్నలోనే ఇచ్చినవి ఏవి? 360, 5, 1. ఈ మూడింటి చుట్టూ గుండ్రం గీయండి. మిగిలిన 40, 9, 45, 8 ప్రశ్నలో ఎక్కడా లేవు. 40 మీరు చివరి పేజీలో చూసింది. 9, 45, 8 ఆ 40 వల్ల పుట్టినవి. కాబట్టి 40 ఉన్న చోట x రాసి, దాని వల్ల పుట్టిన వాటిని కూడా x తోనే రాయాలి. 9 అనేది 360/x అవుతుంది. 45 అనేది x + 5 అవుతుంది. 8 అనేది 360/(x + 5) అవుతుంది. ఇప్పుడు సరిచూసిన చివరి వరుస, 9 − 8 = 1, ఇలా మారుతుంది:

360/x − 360/(x + 5) = 1

మీకు రాక ఆగిపోయిన సమీకరణం ఇదే. జవాబును సరిచూసేటప్పుడు చేసిన పనే x పెట్టి మళ్లీ రాశారు, అంతే.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది, అది పైకి కనిపించదు. 40 బదులు x రాసి, 8 ని మాత్రం అలాగే వదిలేస్తారు. అప్పుడు x + 5 = 360/8 అని వస్తుంది. దాన్ని సాధిస్తే x = 40 వస్తుంది, జవాబు కూడా కలుస్తుంది! కానీ ఆ 8 ఎక్కడిది? ప్రశ్నలో లేదు. 40 తెలియనివాడికి 8 కూడా తెలియదు. జవాబును దొడ్డిదారిన లోపలికి తెచ్చి, అదే జవాబు మళ్లీ రాబట్టినట్టు అయింది. దీన్ని పట్టుకోవడానికి ఒకటే పరీక్ష: సమీకరణంలో మిగిలిన ప్రతి సంఖ్యనూ ప్రశ్నలో వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేని సంఖ్య ఒక్కటి ఉన్నా ఆ సమీకరణం పనికిరాదు. ఇంకో గుర్తు కూడా ఉంది. వర్గ సమీకరణాల పాఠంలోని లెక్క ఒక్క వరుసలో తేలిపోయిందంటే అనుమానించాలి.

"వెనక్కి వెళ్లడం అంటే జవాబు నుంచి గుణకారాలు, భాగహారాలు తిరగేసుకుంటూ రావడమే కదా" అని మీలో కొందరు అనుకోవచ్చు. అలా తీరే లెక్కలు వేరే ఉన్నాయి. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో ఆ పద్ధతిని సూత్రంగా చెప్పాడు: గుణించిన చోట భాగించు, భాగించిన చోట గుణించు, కలిపిన చోట తీసెయ్యి, వర్గం చేసిన చోట వర్గమూలం తియ్యి. ఒక సంఖ్యను 3తో గుణించి, 7 కలిపి, 4తో భాగిస్తే 10 వచ్చిందనుకోండి. చివర నుంచి వస్తే 10 × 4 = 40, 40 − 7 = 33, 33 ÷ 3 = 11. పని అయిపోయింది. ఇది పనిచేయడానికి కారణం, తెలియని సంఖ్య ఇందులో ఒక్కచోటే ఉంది. మన రైలు లెక్కలో x రెండు చోట్ల ఉంది, 360/x లో ఒకటి, 360/(x + 5) లో ఒకటి. చివరిలో ఉన్న "ఒక గంట తేడా" నుంచి వెనక్కి రావాలంటే దేన్నుంచి దేన్ని తీసేశారో రెండూ తెలియవు. అందుకే ఇక్కడ తిరగేయడం కుదరదు, సమీకరణం రాయక తప్పదు.

సమీకరణం వచ్చాక సాధించడం రాలేదనుకోండి. అప్పుడు గైడులోనో, స్నేహితుడి నోటుబుక్కులోనో పూర్తి సాధన చూస్తారు. అది ఇలా ఉంటుంది:

360/x − 360/(x + 5) = 1

360(x + 5) − 360x = x(x + 5)

1800 = x² + 5x

x² + 5x − 1800 = 0

(x + 45)(x − 40) = 0

x = 40

పై నుంచి చదివితే ప్రతి వరుసా నిజమే అనిపిస్తుంది, కానీ ఆ వరుసే ఎందుకు రాశారో తెలియదు. కింది నుంచి చదవండి. ప్రతి వరుస దగ్గరా ఒకటే ప్రశ్న వేయండి: ఇది రావడానికి పై వరుస ఆ రూపంలో ఎందుకు ఉండాల్సి వచ్చింది?

x = 40 ఎందుకు? x − 40 సున్నా అయింది కాబట్టి. అది సున్నా అని ఎలా తెలిసింది? రెండింటిని గుణిస్తే సున్నా వచ్చింది కాబట్టి ఏదో ఒకటి సున్నా కావాలి. కుడివైపు సున్నా బదులు 1800 ఉంటే ఇలా అనలేం, ఎందుకంటే 1800 ను ఎన్నో రకాలుగా రెండు సంఖ్యల లబ్ధంగా రాయొచ్చు. అందుకే దాని పై వరుసలో అన్నింటినీ ఒకవైపు తెచ్చి రెండోవైపు సున్నా చేశారు. "పక్షాంతరం చేయగా" అని గైడులో రాసే మాట వెనకున్న అవసరం ఇది. ఇంకా పైకి వెళ్తే x(x + 5) తో గుణించారు. ఎందుకు? x హారంలో ఇరుక్కుని ఉంది, దాన్ని పైకి తేవాలి. ఆ గుణకారం వల్ల 360x, −360x కొట్టేసుకుని 360 × 5 = 1800 మాత్రం మిగిలింది.

ఇక అందరికీ టెన్షన్ పెట్టేది 45, 40 అనే జత. అది గాల్లోంచి ఊడిపడలేదు. మూడో వరుసను x(x + 5) = 1800 అని రాసి చూడండి. 5 తేడాతో ఉన్న రెండు సంఖ్యలను గుణిస్తే 1800 రావాలి. తేడా చిన్నది కాబట్టి రెండూ 1800 వర్గమూలానికి దగ్గరలోనే ఉంటాయి. 42² = 1764, 43² = 1849. అంటే వర్గమూలం 42కీ 43కీ మధ్యలో ఉంది. దానికి ఒకటి కాస్త కింద, ఒకటి కాస్త పైన, మధ్య తేడా 5. ఇక వెతకాల్సింది 40, 45 దగ్గరే. కారణాంకాల జాబితా మొత్తం రాయనక్కర్లేదు.

ఆ 45 ను మీరు ఇంతకు ముందే చూశారు. సరిచూసేటప్పుడు వచ్చిన, పెరిగిన వేగం అది. రెండో మూలం x = −45 ను "వేగం రుణం కాదు కాబట్టి" అని కొట్టేస్తారు. కొట్టేసే ముందు ఒకసారి సమీకరణంలో పెట్టి చూడండి. 360/(−45) = −8, 360/(−40) = −9. −8 నుంచి −9 తీసేస్తే 1. అవే 8, అవే 9, గుర్తులు మారి చోట్లు మార్చుకున్నాయి. సమీకరణం వరకు −45 కూడా సరైనదే. దాన్ని కాదన్నది రైలు, సమీకరణం కాదు. అయితే ఇలా రెండో మూలానికి కూడా కథలో ఒక చోటు దొరకడం ప్రతి లెక్కలోనూ జరగదు. కింద ఇచ్చే పడవ లెక్కలో అది ఎవరి వేగమూ కాదు.

కింది నుంచి పైకి చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కొన్ని వరుసలకు తిరుగుదారి ఉండదు. √(x + 7) = x − 5 అనే సమీకరణం తీసుకోండి. జవాబు 9 అని ఉంటుంది. ఇరువైపులా వర్గం చేస్తే x + 7 = x² − 10x + 25, అంటే x² − 11x + 18 = 0. మూలాలు 9, 2. పుస్తకంలో 2 ఎందుకు లేదు? మొదటి వరుసలో 2 పెట్టండి. ఎడమవైపు √9 = 3, కుడివైపు 2 − 5 = −3. రెండూ సమానం కావు. కానీ వర్గం చేస్తే రెండూ 9 అయిపోయి సమానంగా కనిపిస్తాయి. వర్గం చేయడం ఆ గుర్తు తేడాను చెరిపేసింది, కాబట్టి ఆ వరుస నుంచి పైకి ఎక్కడం 9 కి కుదిరింది, 2 కి కుదరలేదు. వర్గం చేసిన వరుస ఎక్కడ కనిపించినా, వచ్చిన ప్రతి విలువనూ మొట్టమొదటి వరుసలో పెట్టి చూడాల్సిందే. రైలు లెక్కలో x(x + 5) తో గుణించాం కదా, దానికీ ఈ ఇబ్బంది ఉందా? అది సున్నా అయితేనే ఉంటుంది, అంటే x విలువ 0 గానీ −5 గానీ అయితే. మనకు వచ్చినవి 40, −45 కాబట్టి భయం లేదు.

పద్ధతి వచ్చిందో లేదో తెలుసుకోవడానికి అదే లెక్కను మళ్లీ చేయకండి. 40 గుర్తుండిపోయి ఉంటుంది, చెయ్యి దానంతట అదే అటు వెళ్తుంది. కొత్త లెక్క మీరే తయారు చేయండి. అది కూడా జవాబు నుంచే మొదలవుతుంది. వేగం 50 అనుకోండి, పెరుగుదల 10 అనుకోండి. 50 తోనూ 60 తోనూ శేషం లేకుండా భాగించబడే దూరం కావాలి, 300 సరిపోతుంది. 6 గంటలు, 5 గంటలు, తేడా 1. ఇప్పుడు 50 ను దాచేసి, 300, 10, 1 మాత్రమే ఇచ్చి పక్కవాడిని అడగండి. వాడు తయారు చేసింది మీరు చేయండి. దూరం 300 బదులు 400 తీసుకుంటే ఏమవుతుందో కూడా చూడండి. 8 గంటలు, 6 గంటల 40 నిమిషాలు వస్తాయి, తేడా 4/3 గంట అవుతుంది. లెక్క తప్పు కాదు, భిన్నం వచ్చి కాస్త చిక్కుగా మారుతుంది. పుస్తకాల్లో సంఖ్యలు అంత నున్నగా ఎందుకుంటాయో అప్పుడు తెలుస్తుంది.

ఇక పడవ లెక్క. నిలకడ నీటిలో గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వెళ్లే మోటారు పడవకు, 24 కిలోమీటర్లు ఏటికి ఎదురు వెళ్లడానికి, అంతే దూరం ప్రవాహంతో పాటు తిరిగి రావడం కంటే ఒక గంట ఎక్కువ పట్టింది. ప్రవాహ వేగం ఎంత? జవాబు గంటకు 6 కిలోమీటర్లు. ముందు 6 ను సరిచూడండి, ప్రశ్నలో ఉన్న మూడు సంఖ్యలకు గుండ్రం గీయండి, మిగతా వాటిని x తో రాయండి. సాధించాక రెండో మూలం −54 రావాలి. మీకు ఇంకేదైనా వస్తే, గుండ్రం గీయని సంఖ్య ఏదైనా సమీకరణంలో ఉండిపోయిందేమో మొదట చూడండి.

ఇట్లు,
మీ లెక్కల మాస్టారు