ట్యూబులకు ముడి వేయాలా, పూర్తిగా తీసేయాలా: ఈ ప్రశ్న ఎక్కడ మొదలైంది?

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకునే ఆడవాళ్ళు దేశంలో అందరికంటే ఎక్కువ శాతం ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15-49 ఏళ్ళ వివాహితల్లో దాదాపు 70 శాతం మందికి ఈ ఆపరేషన్ అయిపోయింది. తెలంగాణలో 60 శాతం దాటింది. దేశం మొత్తం మీద చూస్తే 38 శాతం. చాలామందికి ఇరవైల్లోనే, రెండో కాన్పు అవుతూనే చేసేస్తారు. ఆ ఆపరేషన్ చేసేది అండాశయం నుంచి గర్భసంచికి అండాన్ని చేర్చే ఫాలోపియన్ ట్యూబుల మీద. అందులో మిగిలిపోయే కొసకూ అండాశయ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని తేలింది. అందుకే ట్యూబును ఎక్కడ కోస్తారు, ఎంత వదిలేస్తారు అన్నది మన ఇళ్ళలో అందరూ తెలుసుకోవాల్సిన సంగతి.

బొడ్డు కింద చిన్న కోత పెట్టి చేసే ఆపరేషన్‌లో ఎక్కువగా వాడేది పామరాయ్ పద్ధతి. న్యూయార్క్‌లో పనిచేసిన రాల్ఫ్ పామరాయ్ పేరు మీద వచ్చింది. ఆయన పోయాక, 1930లో, సహచరులు దాన్ని ప్రచురించారు. ఫాలోపియన్ ట్యూబును మధ్యలో పట్టుకుని పైకి లాగితే అది మడత పడుతుంది. ఆ మడత మొదట్లో కరిగిపోయే దారంతో ముడి వేసి, పైభాగం కత్తిరిస్తారు. దారం కరిగాక రెండు కొసలూ విడిపోయి దూరమవుతాయి. లాపరోస్కోపీలో అయితే అదే మడతకు ఫాలోప్ రింగ్ అనే చిన్న సిలికాన్ ఉంగరం తొడుగుతారు. రెండింటిలోనూ పని జరిగేది ట్యూబు మధ్యలోనే. అండాశయం వైపు ఉండే కొసను, అంటే అండాన్ని అందుకునే కుచ్చులాంటి ఫింబ్రియాను, ఎవరూ ముట్టుకోరు. గర్భం రాకుండా ఆపడానికి ముట్టుకోవాల్సిన అవసరం కూడా లేదు.

అండాశయ క్యాన్సర్ అండాశయంలోనే పుడుతుందని అప్పట్లో ఎవరికీ అనుమానం లేదు. 1971లో ఈజిప్టు వైద్యుడు మహమూద్ ఫతల్లా చెప్పిన వివరణే చాలాకాలం నడిచింది. నెలనెలా అండం విడుదలైనప్పుడల్లా అండాశయం పైపొర చిట్లి మానుతుందని, ఆ మానే క్రమంలో ఎప్పుడో కణాలు గాడి తప్పుతాయని దాని సారాంశం. అయితే ఎంత వెతికినా అండాశయం మీద క్యాన్సర్ తొలిదశ మచ్చలు మాత్రం దొరికేవి కావు. దొరికేసరికే వ్యాధి కడుపంతా పాకి ఉండేది.

మలుపు తిరిగింది 2001లో, నెదర్లాండ్స్‌లో. వంశపారంపర్యంగా ముప్పు ఉన్న 12 మంది నుంచి ముందుజాగ్రత్తగా తీసేసిన ట్యూబులను అక్కడి పరిశోధకులు మైక్రోస్కోప్ కింద పెట్టారు. సగం మంది ట్యూబుల్లో క్యాన్సర్‌కు ముందు కనిపించే మార్పులు ఉన్నాయి. అంతకుముందు పాథాలజీ ల్యాబుల్లో ట్యూబు నుంచి ఒకటి రెండు అడ్డకోతలు తీసి చూసి పక్కన పెట్టేసేవారు. బోస్టన్‌లో క్రిస్టఫర్ క్రమ్ బృందం పద్ధతి మార్చింది. ఫింబ్రియా కొసను విడిగా కోసి, నిలువుగా పలుచని ముక్కలు చేసి, మిగతా ట్యూబును కూడా రెండు మూడు మిల్లీమీటర్లకు ఒక అడ్డకోత చొప్పున మొత్తం చూడటం మొదలుపెట్టారు. అన్నేళ్ళుగా దొరకని తొలిదశ క్యాన్సర్ అక్కడ, ఆ కుచ్చులో దొరికింది. అండాశయ క్యాన్సర్లలో ఎక్కువగా వచ్చే, ఎక్కువమందిని చంపే హైగ్రేడ్ సీరస్ రకం చాలావరకు ట్యూబు కొసలో పుట్టి, పక్కనున్న అండాశయం మీదికి రాలి పెరుగుతుందన్న అవగాహన అలా స్థిరపడింది.

ముడి వేసినా కొంత మేలు జరుగుతుందని పాత అధ్యయనాలు అప్పటికే చెప్పాయి. అన్నీ కలిపి చూస్తే అండాశయ క్యాన్సర్ ముప్పు మూడో వంతు దాకా తగ్గినట్టు కనిపించింది. కానీ ఆ తగ్గుదల ఎక్కువగా గర్భసంచి వైపు నుంచి కణాలు పైకి చేరడం వల్ల వస్తాయనుకునే రకాల్లోనే. సీరస్ రకంలో తక్కువ. కొస అలాగే ఉండిపోతుంది కదా, మరి.

ఈ తర్కాన్ని ఆచరణలో పెట్టిన మొదటి చోటు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా. 2010 సెప్టెంబరులో డయాన్ మిల్లర్, సారా ఫిన్లేసన్, డేవిడ్ హంట్స్‌మన్ ఉన్న బృందం రాష్ట్రంలోని గైనకాలజిస్టులను కోరింది: గర్భసంచి తీసేటప్పుడు ట్యూబులు కూడా తీయండి, శాశ్వత గర్భనిరోధానికి ముడి బదులు ట్యూబులు తీయడం గురించి ఆలోచించండి, అండాశయాలను మాత్రం ఉంచండి. 2008లో అక్కడి స్టెరిలైజేషన్ ఆపరేషన్లలో ట్యూబులు తీసినవి వందకు ఒకటి కూడా లేవు. 2011కల్లా మూడో వంతు అయ్యాయి. ఆపరేషన్ సమయం సగటున ఓ పది నిమిషాలు పెరిగింది.

ఫలితం? ట్యూబులు తీయించుకున్న దాదాపు 26 వేల మందిని గమనించి 2022లో లెక్కలు ప్రచురించారు. వయసును బట్టి ఐదుగురికైనా సీరస్ రకం రావాలని అంచనా. ఒక్కరికీ రాలేదు. అయితే వాళ్ళలో ఎక్కువమంది నడివయసువాళ్ళు, గమనించినదీ కొద్ది సంవత్సరాలే. ఈ క్యాన్సర్ బయటపడేది ఎక్కువగా యాభై దాటాక. కాబట్టి దీన్ని బలమైన సూచనగా తీసుకోవాలి, తుది తీర్పుగా కాదు. మరోపక్క బ్రిటన్‌లో రెండు లక్షల మంది మీద రక్తపరీక్ష, స్కాన్‌లతో చేసిన ముందస్తు పరీక్షల ప్రయోగం ప్రాణాలు కాపాడలేకపోయిందని 2021లో తేలింది. ముందే పట్టుకోలేనప్పుడు ముందే తీసేయడమే మేలన్న వాదనకు అది బలం ఇచ్చింది.

మన దగ్గరికి వస్తే, ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయికి రెండో కాన్పు సిజేరియన్ అనుకుందాం. కడుపు ఎలాగూ తెరిచి ఉంది. ట్యూబు తీయాలంటే దాన్ని పట్టి ఉంచే పలుచని పొరను, ట్యూబుకు బాగా దగ్గరగా, అండాశయానికి వెళ్ళే రక్తనాళాలు దెబ్బతినకుండా కొంచెం కొంచెంగా కాల్చి కోసుకుంటూ పోవాలి. కాన్పు సమయంలో ఆ పొరలోని నాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తస్రావం ఇక్కడే జరగవచ్చు. పాత ఆపరేషన్ల వల్ల ఫింబ్రియా అండాశయానికి అతుక్కుపోయి ఉంటే అక్కడే ముక్క మిగిలిపోతుంది, చేసిన పనికి ప్రయోజనం పోతుంది. ఇంత పనికి మంచి పరికరం, అనుభవం, తీరిక కావాలి. రోజుకు ముప్పై మందికి వరుసగా చేసే క్యాంపుల్లో దీన్ని మొదలుపెట్టాలని నేను అనను. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకేరోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ముందు ఆ పాత ఆపరేషనే భద్రంగా జరగాలి.

ఇంకో విషయం దాచకుండా చెప్పాలి. ముడి వేసిన ట్యూబును అవసరమైతే మళ్ళీ అతికే అవకాశం కొంత ఉంటుంది. బిడ్డను పోగొట్టుకుని ఆ ఆపరేషన్ కోసం వచ్చే తల్లులు మన జిల్లాల్లో ఉన్నారు. ట్యూబులు తీసేస్తే ఆ దారి ఉండదు, ఐవీఎఫ్ ఒక్కటే మిగులుతుంది. ఇరవై రెండేళ్ళ పిల్లకు ఈ మాట చెప్పకుండా, అత్తగారి సంతకంతో సరిపెట్టి ట్యూబులు తీయడం అన్యాయం. నొప్పులు పడుతుండగా అడగడం కూడా అంతే. ఏడో నెలలోనే కూర్చోబెట్టి చెప్పాలి.

రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పును వంశపారంపర్యంగా పెంచే బీఆర్‌సీఏ జన్యుమార్పు ఉన్నవాళ్ళకు ట్యూబులు మాత్రమే తీస్తే చాలదు. పిల్లలు పుట్టాక, నలభై ప్రాంతాల్లో అండాశయాలు కూడా తీయించుకోవాలన్నదే ఇప్పటికీ సలహా. మామూలు ముప్పు ఉన్నవాళ్ళు క్యాన్సర్ భయంతో దీనికోసమే కడుపు కోయించుకోనక్కర్లేదు. ఏళ్ళ క్రితం ముడి వేయించుకున్నవాళ్ళు మళ్ళీ ఆపరేషన్‌కు వెళ్ళాల్సిన పనీ లేదు. వాళ్ళకు ఎప్పుడైనా గర్భసంచి తీయాల్సి వస్తే మాత్రం మిగిలిన ట్యూబు ముక్కలను కొసతో సహా తీస్తారా, అండాశయాలు ఉంచుతారా అని డాక్టరును అడగాలి. తర్వాత డిశ్చార్జ్ సమ్మరీలో బైలేటరల్ సాల్పింజెక్టమీ, అంటే రెండు ట్యూబులూ తీసేశామని, రాశారో లేదో, తీసిన ట్యూబులు బయాప్సీకి పంపారో లేదో చూసుకుని ఆ కాగితం భద్రంగా దాచుకోవాలి.