ఏడు శాఖల సర్క్యూట్ ఒక్క వలయంగా ఎలా మారుతుంది?

గుంటూరులో డిప్లొమా విద్యార్థులకు సర్క్యూట్ల పాఠం చెప్పేటప్పుడు నేను ఏటా ఒకే లెక్కతో మొదలుపెడతాను. బోర్డు మీద రెండు సమాంతర గీతలు గీస్తాను. పై గీత మధ్యలో A, కుడి చివర B అని రెండు బిందువులు గుర్తిస్తాను. కింది గీత అన్నిటికీ ఉమ్మడి తీగ. ఎడమవైపు 24 వోల్టుల సోర్స్, దానికి సిరీస్‌లో 6 ఓమ్‌ల రెసిస్టర్ కలిసి A బిందువుకు చేరతాయి. A నుంచి కింది తీగకు 3 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. దాని పక్కనే కింది నుంచి A లోకి 2 ఆంపియర్లు పంపే కరెంటు సోర్స్ ఉంటుంది. A, B ల మధ్య 2 ఓమ్‌లు ఉంటాయి. B నుంచి కిందికి 4 ఓమ్‌ల రెసిస్టర్, B నుంచి కిందికే 1 ఆంపియర్ లాగే మరొక కరెంటు సోర్స్, చివరగా 6 ఓమ్‌ల లోడ్ ఉంటాయి. లోడ్‌లో ఎంత కరెంటు పారుతుందన్నదే ప్రశ్న.

శాఖలు మొత్తం ఏడు. A, B ల దగ్గర సమీకరణాలు రాసి సాధించవచ్చు, అందులో తప్పేమీ లేదు. అయితే వోల్టేజి సోర్స్‌ను కరెంటు సోర్స్‌గా, కరెంటు సోర్స్‌ను వోల్టేజి సోర్స్‌గా మార్చే సోర్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ అనే పద్ధతిని అడుగడుగునా వాడుతూ పోతే, ఈ బొమ్మ మొత్తం ఒక వోల్టేజి సోర్స్, ఒక రెసిస్టర్, ఒక లోడ్ ఉన్న చిన్న వలయంగా ముడుచుకుపోతుంది. అలా ముడుచుకునేటప్పుడు ఏది నిలుస్తుందో, ఏది చెరిగిపోతుందో తెలుసుకోవడమే ఈ పద్ధతిలోని అసలు విషయమని నా అభిప్రాయం.

ముందుగా రెండు రకాల సోర్సుల స్వభావం చూద్దాం. విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ చేసే పని నీటి మట్టాన్ని నిలబెట్టడం. ఆ మట్టం ఆధారంగా కాలువలు తమకు కావలసిన నీటిని తీసుకుంటాయి. గోదావరి నీటిని కృష్ణకు పంపే పట్టిసీమ పంపుల పని వేరు. అవి మట్టాన్ని నిలబెట్టవు, తమ సామర్థ్యం మేరకు ప్రవాహాన్ని తోస్తాయి. వోల్టేజి సోర్స్ మట్టాన్ని పట్టి ఉంచే రకం, కరెంటు సోర్స్ ప్రవాహాన్ని పట్టి ఉంచే రకం. స్వభావం ఇంత వేరైన రెండిటిలో ఒకదాని స్థానంలో మరొకటి పెట్టవచ్చని చెబితే మొదట ఎవరికైనా అనుమానం రావడం సహజమే.

ఆ అనుమానం తీర్చేది సోర్స్‌తో ఉన్న రెసిస్టర్. మన 24 వోల్టుల సోర్స్, 6 ఓమ్‌ల జంటను ఒక పెట్టెలో మూసి, రెండు కొనలు మాత్రం బయటకు తీశామనుకుందాం. బయటకు I కరెంటు ఇస్తున్నప్పుడు కొనల మధ్య వోల్టేజి V = 24 − 6I అవుతుంది. ఇదే సమీకరణాన్ని కరెంటు కోసం తిప్పి రాస్తే I = 4 − V/6 వస్తుంది. రెండో రూపాన్ని బొమ్మగా చదివితే, 4 ఆంపియర్ల కరెంటు సోర్స్ ఉంది, దానికి ప్యారలల్‌లో ఉన్న 6 ఓమ్‌లు అందులో కొంత తమవైపు తీసుకుంటున్నాయి, మిగిలింది బయటకు వస్తోంది అని అర్థం. సమీకరణం ఒక్కటే, దాన్ని రెండు విధాలుగా చదివాం. కొనలు తెరిచి ఉంచితే రెండు పెట్టెల్లోనూ 24 వోల్టులే కనిపిస్తాయి, కొనలు కలిపేస్తే రెండిటి నుంచీ 4 ఆంపియర్లే వస్తాయి. ఈ రెండు కొలతలు కలిసిన చోట సరళరేఖ ఒక్కటే కాబట్టి, మధ్యలో ఎలాంటి లోడ్ పెట్టినా బయటివారికి తేడా తెలియదు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. లోడ్‌కు దూరంగా ఉన్న చివర నుంచి మొదలుపెట్టి దానివైపు నడవాలి. ఎడమ జంటను 4 ఆంపియర్లు, ప్యారలల్‌లో 6 ఓమ్‌లుగా మార్చగానే A దగ్గర అన్నీ ప్యారలల్‌గా నిలుస్తాయి. 4 ఆంపియర్ల సోర్స్, 2 ఆంపియర్ల సోర్స్ రెండూ A లోకే పంపుతున్నాయి కనుక కలిపి 6 ఆంపియర్లు. 6 ఓమ్‌లు, 3 ఓమ్‌లు ప్యారలల్‌లో కలిసి 2 ఓమ్‌లు అవుతాయి. ఇక్కడ దారి ఆగినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే తరువాత ఉన్న 2 ఓమ్‌లు సిరీస్‌లో ఉన్నాయి, చేతిలో ఉన్నది ప్యారలల్ రూపం. అందుకే వెనక్కి వోల్టేజి రూపానికి మారతాం: 6 × 2 = 12 వోల్టులు, సిరీస్‌లో 2 ఓమ్‌లు. పక్కనున్న 2 ఓమ్‌లతో కలిపితే 12 వోల్టులు, 4 ఓమ్‌లు. A అనే బిందువు బొమ్మలోంచి మాయమైంది.

B దగ్గర మళ్లీ అంతా ప్యారలల్. 12 వోల్టులు, 4 ఓమ్‌ల జంటను 3 ఆంపియర్లు, 4 ఓమ్‌లుగా మారుస్తాం. ఈ 3 ఆంపియర్లు B లోకి వస్తున్నాయి. అక్కడున్న 1 ఆంపియర్ సోర్స్ B నుంచి బయటకు లాగుతోంది. కాబట్టి నికరంగా 2 ఆంపియర్లు. రెండు 4 ఓమ్‌లు ప్యారలల్‌లో 2 ఓమ్‌లు. చివరిసారి వోల్టేజి రూపానికి మారిస్తే 4 వోల్టులు, 2 ఓమ్‌లు. ఇప్పుడు 6 ఓమ్‌ల లోడ్ పెడితే వలయం పూర్తవుతుంది: 4 వోల్టులను 8 ఓమ్‌లతో భాగిస్తే అర ఆంపియర్, లోడ్ మీద 3 వోల్టులు.

ప్రతి మార్పుకూ కారణం పక్కనున్న రెసిస్టరే అని గమనించవచ్చు. పక్కది ప్యారలల్‌లో ఉంటే కరెంటు రూపం, సిరీస్‌లో ఉంటే వోల్టేజి రూపం. ఈ పద్ధతిలో బట్టీ పట్టవలసింది దాదాపు ఏమీ లేదు.

చివరికి మిగిలిన ఈ ఒంటరి జంటకే థెవెనిన్ సమానరూపం అని పేరు. ఫ్రెంచ్ టెలిగ్రాఫ్ ఇంజనీరు లియోన్ థెవెనిన్ 1883లో దీన్ని ప్రకటించారు. అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1853లో, హెల్మ్‌హోల్ట్జ్ ఇదే ఫలితాన్ని చూపారు. కరెంటు రూపాన్ని 1926లో అమెరికాలో నార్టన్, జర్మనీలో మేయర్ ఎవరికి వారుగా రాశారు.

తరగతిలో ఈ లెక్కకు అర ఆంపియర్ తరువాత అతి తరచుగా వచ్చే జవాబు 1 ఆంపియర్. దాని మూలం ఎప్పుడూ ఒక్కటే. B దగ్గర కిందికి లాగుతున్న సోర్స్‌ను పైకి పంపుతున్నదిగా తీసుకుని 3, 1 కలిపి 4 అంటారు. అప్పుడు చివరి జంట 8 వోల్టులు, 2 ఓమ్‌లు అవుతుంది. కరెంటు సోర్స్ బాణం ఏ కొనవైపు చూపుతుందో, మార్చిన వోల్టేజి సోర్స్ ధన కొన అటే ఉండాలన్న నియమాన్ని పట్టించుకోకపోయినా ఇలాంటి తప్పే జరుగుతుంది.

ఈ తప్పును పట్టుకోవడానికి అసలు బొమ్మకు తిరిగి వెళ్లాలి. 1 ఆంపియర్ నిజమైతే B దగ్గర 6 వోల్టులు ఉండాలి, దాన్ని బట్టి A దగ్గరి సమీకరణం రాస్తే అక్కడ 9 వోల్టులు. A నుంచి B కి 2 ఓమ్‌ల గుండా వచ్చేది ఒకటిన్నర ఆంపియర్. B నుంచి వెళ్లేది 4 ఓమ్‌లలో ఒకటిన్నర, సోర్స్‌లో ఒకటి, లోడ్‌లో ఒకటి, అంటే మూడున్నర. రాకపోకలకు 2 ఆంపియర్ల తేడా వచ్చింది. ఈ తేడా తప్పుగా తీసుకున్న 1 ఆంపియర్‌కు సరిగ్గా రెట్టింపు. దిశ తారుమారైన సోర్స్ ఎప్పుడూ తన విలువకు రెట్టింపు తేడానే మిగులుస్తుంది, ఎందుకంటే తీసివేయవలసినదాన్ని కలిపాం. కాబట్టి తేడాను సగం చేసి చూస్తే దోషి ఏ సోర్సో చాలాసార్లు అదే చెబుతుంది. సరైన జవాబుతో అదే పరీక్ష చేస్తే B దగ్గర 3 వోల్టులు, A దగ్గర ఏడున్నర. B కి వచ్చేది 2.25 ఆంపియర్లు, వెళ్లేది 0.75, 1, 0.5 కలిపి 2.25. లెక్క సరిపోయింది.

ఇక చెరిగిపోయేదాని గురించి. మూసిన పెట్టె లోపల రెండు రూపాలూ ఒకటి కావు. కొనలు తెరిచి ఉన్నప్పుడు 24 వోల్టుల జంటలో కరెంటే పారదు, వేడీ పుట్టదు. 4 ఆంపియర్ల రూపంలో ఆ కరెంటంతా లోపలి 6 ఓమ్‌లలోనే తిరుగుతూ 96 వాట్లు ఖర్చు చేస్తుంది. మన సర్క్యూట్‌లోనే చూస్తే, A దగ్గర ఏడున్నర వోల్టులు ఉన్నప్పుడు అసలు సోర్స్ 2.75 ఆంపియర్లు ఇస్తుంది. అంటే దాని నుంచి వచ్చేది 66 వాట్లు, అందులో 6 ఓమ్‌లలో 45.375 వాట్లు వేడిగా పోతాయి, A కు 20.625 వాట్లు చేరతాయి. మార్చిన రూపంలో సోర్స్ ఇచ్చేది 30 వాట్లే, 6 ఓమ్‌లలో పోయేది 9.375 వాట్లే, A కు చేరేది మాత్రం మళ్లీ 20.625. బయటకు అందేది దశాంశం కూడా తేడా లేకుండా ఒకటే, లోపలి ఖర్చు మాత్రం పూర్తిగా వేరు. ‘సోర్స్ ఎన్ని వాట్లు ఇస్తోంది’ అన్న ప్రశ్నకు మార్చిన బొమ్మలో జవాబు వెతికితే పొరపాటు తప్పదు. లోడ్ దగ్గర వోల్టేజి కనుక్కున్నాక అసలు బొమ్మకు వెళ్లి లెక్కగట్టాలి.

అడిగిన శాఖను మధ్యలో ఎందుకు మింగకూడదో దీన్నిబట్టే అర్థమవుతుంది. లోడ్ 6 ఓమ్‌లను పక్కనున్న 4 ఓమ్‌లతో కలిపి 2.4 ఓమ్‌లు చేసేస్తే, లోడ్‌లోని కరెంటు అనే మాటకు బొమ్మలో చోటే ఉండదు. 3 ఓమ్‌లలో కరెంటు అడిగి ఉంటే మాత్రం ఆ రెసిస్టర్‌ను అలాగే ఉంచి, రెండు చివరల నుంచీ దానివైపు నడవాలి.

రెసిస్టర్ తోడు లేని సోర్స్‌ను అసలు మార్చలేం. సున్నా ఓమ్‌లతో వోల్టేజిని భాగించలేము కదా. నిజమైన బ్యాటరీలో కొంత అంతర్గత నిరోధం ఉంటుంది కాబట్టి అది కాగితం మీద మారుతుంది. 12 వోల్టులు, 0.01 ఓమ్ ఉన్న బ్యాటరీ 1200 ఆంపియర్ల కరెంటు సోర్స్‌గా రాయబడుతుంది. ఆ అంకె సమీకరణానికే పరిమితం, బ్యాటరీలో నిజంగా అంత కరెంటు తిరుగుతోందని కాదు. మేడ మీది సోలార్ ప్యానెల్ విషయం ఇంకా వేరు. దాని వోల్టేజి, కరెంటుల గీత సరళరేఖ కాదు, ఒకచోట వంగి పడిపోయే వంపు. తెరిచిన కొనల వోల్టేజిని, కలిపిన కొనల కరెంటును కొలిచి ఒక జంట రాస్తే, మధ్యలో ఏ లోడ్ దగ్గరా అది ప్యానెల్‌తో సరిపోదు.

వంతెన ఆకారంలో అల్లుకున్న సర్క్యూట్ ఎదురైతే ఈ నడక మధ్యలో ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ ఏ రెండు రెసిస్టర్లూ సిరీస్‌లో గానీ ప్యారలల్‌లో గానీ ఉండవు. అప్పుడు మూడు రెసిస్టర్ల త్రిభుజాన్ని ముందుగా నక్షత్ర ఆకారానికి మార్చాలి. ఆ తరువాత సిరీస్ జంటలు కనిపిస్తాయి, సోర్సుల మార్పిడి మళ్లీ ముందుకు సాగుతుంది.