గాస్కెట్ మందం అర మిల్లీమీటరు పెరిగితే కంప్రెషన్ ఎంత పడిపోతుంది?

చిత్తూరు చుట్టుపక్కల చెరకు గానుగలు ఆడేది చలికాలంలో. తెల్లవారుజామున గానుగ దగ్గర డీజిల్ ఇంజన్‌కు హ్యాండిల్ వేసి ఎంత తిప్పినా అందుకోదు. సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ, పచ్చి డీజిల్ వాసన వస్తాయి. మధ్యాహ్నం అదే ఇంజన్ రెండు తిప్పులకే లేస్తుంది. ఈమధ్యే హెడ్ విప్పి పనిచేసిన ఇంజన్ ఇలా మొరాయిస్తుంటే నాజిల్, పంపు మీద అనుమానపడే ముందు కంప్రెషన్ రేషియో లెక్క ఒకసారి వేసి చూడాలి. దానికి మూడు కొలతలు చాలు: బోర్, క్రాంక్ వ్యాసార్ధం, క్లియరెన్స్ వాల్యూమ్.

పిస్టన్ అడుగుకు దిగినప్పుడు దాని పైన ఉన్న మొత్తం చోటును, పిస్టన్ పైకి వచ్చి ఆగినప్పుడు మిగిలే చోటుతో భాగిస్తే వచ్చేదే కంప్రెషన్ రేషియో. మిగిలే ఆ చోటు క్లియరెన్స్ వాల్యూమ్. పిస్టన్ పై నుంచి కిందికి కదిలే మేర ఉన్న చోటు స్వెప్ట్ వాల్యూమ్. బండి మీద 'ఇన్ని సీసీ' అని రాసేది దీన్నే.

```
Vs = (π/4) × D² × 2r
CR = (Vs + Vc) / Vc
```

ఇక్కడ Vs స్వెప్ట్ వాల్యూమ్, Vc క్లియరెన్స్ వాల్యూమ్, CR కంప్రెషన్ రేషియో, D బోర్ వ్యాసం, r క్రాంక్ వ్యాసార్ధం. అంటే మెయిన్ జర్నల్ కేంద్రం నుంచి క్రాంక్ పిన్ కేంద్రం దాకా దూరం. పిన్ పై కొసకు వచ్చినప్పుడు పిస్టన్ జర్నల్ కంటే 'రాడ్ పొడవు + r' ఎత్తులో ఉంటుంది. కింది కొసకు పోయినప్పుడు 'రాడ్ పొడవు − r' ఎత్తులో ఉంటుంది. రెండింటి తేడాలో రాడ్ పొడవు కొట్టుకుపోయి 2r మిగులుతుంది. అందుకే స్ట్రోక్ లెక్కకు కనెక్టింగ్ రాడ్ పొడవుతో పనిలేదు.

మన పొలాల్లో బాగా కనిపించే కొలతల ఇంజన్‌నే తీసుకుందాం. సింగిల్ సిలిండర్, బోర్ 87.5 మి.మీ., క్రాంక్ వ్యాసార్ధం 55 మి.మీ. లెక్కలోకి దిగేముందే అన్నిటినీ సెంటీమీటర్లలోకి మార్చుకోవాలి. అప్పుడు జవాబు నేరుగా సీసీల్లో వస్తుంది. బోర్ 8.75 సెం.మీ., దాని వైశాల్యం 60.13 చదరపు సెం.మీ. స్ట్రోక్ 11 సెం.మీ. రెండూ గుణిస్తే స్వెప్ట్ వాల్యూమ్ 661.45 సీసీ.

క్లియరెన్స్ వాల్యూమ్‌ను ఇలా గుణించి రాబట్టలేం, కొలవాలి. ఈ రకం ఇంజన్లలో హెడ్ అడుగు చదునుగా ఉంటుంది, దహనం జరిగే గుంట పిస్టన్ తల మీదే ఉంటుంది. కాబట్టి దీన్ని రెండు భాగాలుగా కొలవడం తేలిక. మొదటిది గుంట. పిస్టన్‌ను బయటికి తీసి, సమంగా ఉన్న బల్ల మీద నిలబెట్టి, అంచుకు పలుచగా గ్రీజు రాసి, పైన చిన్న రంధ్రం ఉన్న పారదర్శక అక్రిలిక్ పలకను అదమాలి. ఆ రంధ్రంలోంచి బ్యూరెట్‌తో కిరోసిన్ వదలాలి. బ్యూరెట్ లేకపోతే మందుల షాపులో దొరికే 10 ఎం.ఎల్. సిరంజి సరిపోతుంది. 50 ఎం.ఎల్. సిరంజి వద్దు, దాని మీద గీతలు మరీ ఎడంగా ఉంటాయి. పలక కింద చిన్న గాలిబుడగ మిగిలినా ఆ మేరకు కొలత తగ్గిపోతుంది కాబట్టి, పిస్టన్‌ను కొంచెం వాల్చి బుడగను రంధ్రం వైపు తెచ్చి బయటికి పంపాలి. వాల్వ్‌లు హెడ్‌లోకి లోతుగా కూర్చుని ఉంటే అక్కడి పల్లాలనూ హెడ్ తిరగేసి ఇలాగే కొలిచి కలపాలి. మన ఉదాహరణలో ఇవన్నీ కలిపి 35 సీసీ అనుకుందాం.

రెండోది పిస్టన్ తలకూ హెడ్‌కూ మధ్య మిగిలే సన్నటి సందు. మెకానిక్‌లు దీన్ని బంపింగ్ క్లియరెన్స్ అంటారు. రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న మెత్తటి సీసపు తీగ ముక్కలను పిస్టన్ తల చదును భాగం మీద, గుంటలోకి జారకుండా, వాల్వ్‌ల కిందికి రాకుండా అతికించాలి. పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే గడ్జన్ పిన్ ఉన్న దిశలోనే అటొకటి ఇటొకటి పెట్టాలి. పిన్‌కు అడ్డంగా పెడితే పిస్టన్ ఒక పక్కకు ఒరిగి తప్పు కొలత ఇస్తుంది. గాస్కెట్ వేసి హెడ్ బోల్టులు పూర్తిగా బిగించి, ఇంజన్‌ను చేత్తో మెల్లగా ఒక్కసారి పై కొస దాటించి, మళ్లీ విప్పి, నలిగిన తీగ మందం మైక్రోమీటర్‌తో చూడాలి. అది 0.85 మి.మీ. వచ్చిందనుకుంటే, 60.13ను 0.085తో గుణించగా ఆ సందులో చోటు 5.11 సీసీ.

మొత్తం క్లియరెన్స్ వాల్యూమ్ 40.11 సీసీ. 661.45కు 40.11 కలిపి, వచ్చినదాన్ని 40.11తో భాగిస్తే 17.49. ఈ తరహా ఇంజన్‌కు ఉండాల్సినది 17.5 కాబట్టి కొలతలు సరిపోయినట్టే.

తిరుపతిలో పాలిటెక్నిక్, ఐటీఐ చదివే పిల్లలు పరీక్షల్లో ఇక్కడ రెండు చోట్ల తడబడతారు. క్రాంక్ వ్యాసార్ధాన్నే స్ట్రోక్ అనుకుంటే స్వెప్ట్ వాల్యూమ్ సగమై, రేషియో 9.25 వస్తుంది. డీజిల్ ఇంజన్‌కు తొమ్మిది రావడం అసాధ్యం కాబట్టి ఈ తప్పు వెంటనే పట్టుబడుతుంది. రెండో తప్పు అలా దొరకదు. పైన Vc కలపడం మరిచిపోయి Vs ను Vc తో భాగిస్తే 16.49 వస్తుంది. సరిగ్గా ఒకటి తక్కువ, చూడటానికి నమ్మదగిన అంకె. ఏ ఇంజన్‌కైనా ఈ పొరపాటు తేడా కచ్చితంగా ఒకటే ఉంటుంది.

ఇప్పుడు గాస్కెట్ సంగతి. హెడ్ విప్పినప్పుడు అసలు మందం గాస్కెట్ దొరక్క, దానికంటే అర మిల్లీమీటరు ఎక్కువ మందం ఉన్నది వేశారనుకుందాం. గుంట 35 సీసీలో మార్పు లేదు. సందు మాత్రం 0.85 నుంచి 1.35 మి.మీ.కి పెరిగింది. అంటే మూడు సీసీ అదనం. క్లియరెన్స్ వాల్యూమ్ 43.12 అయి రేషియో 16.34కు దిగుతుంది. అదే అర మిల్లీమీటరు బోర్‌లో పెరిగితే? సిలిండర్‌ను 88 మి.మీ.కి బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తే, గుంట అంతే ఉన్నట్లయితే, స్వెప్ట్ వాల్యూమ్ 669 సీసీ, రేషియో 17.66. గాస్కెట్‌లో అర మిల్లీమీటరు రేషియోను 1.15 మేర కదిలించింది, బోర్‌లో అర మిల్లీమీటరు 0.17 మాత్రమే కదిలించింది. భాగహారంలో కింద ఉన్న అంకె చిన్నది కావడమే దీనికి కారణం. 661లో ఏడున్నర కలిస్తే ఒక శాతం చిల్లర మార్పు. 40లో మూడు కలిస్తే ఏడున్నర శాతం. అందుకే బోర్ గేజ్ మీద ఎంతో శ్రద్ధపెట్టి గాస్కెట్ మందాన్ని కంటితో అంచనా వేసే పద్ధతి తలకిందుల పద్ధతి. ముందు శ్రద్ధ చూపాల్సింది ఆ సన్నటి సందు దగ్గర.

ఆ ఒకటీ చిల్లర తగ్గితే నిజంగా ఏమవుతుంది? డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ లేదు. గాలి ఒత్తుకుపోయి వేడెక్కితేనే డీజిల్ అంటుకుంటుంది. ఆ వేడిని సుమారుగా లెక్కవేయడానికి మొదటి ఉష్ణోగ్రతను కెల్విన్‌లలో తీసుకుని, రేషియోను 0.35 ఘాతానికి పెంచి గుణిస్తారు.

```
T2 = T1 × CR^0.35
```

వేడి ఎక్కడికీ పోకపోతే ఘాతం 0.4 అయ్యేది. సిలిండర్ గోడలు కొంత లాక్కుంటాయి కాబట్టి 0.35 దగ్గర వేసుకోవడం న్యాయం. తెల్లవారుజాము చలి 15 డిగ్రీలు, అంటే 288 కెల్విన్ అనుకుంటే 17.49 రేషియో దగ్గర గాలి దాదాపు 784 కెల్విన్‌కు, అంటే 511 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది, 16.34 దగ్గర 493కు. పద్దెనిమిది డిగ్రీలు పోయాయి. ఇంజన్ వేగం అందుకున్నాక ఈ తేడా పెద్దగా తెలియదు. చేత్తో తిప్పేటప్పుడు మాత్రం పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది, గోడలు చల్లగా ఉంటాయి, రింగుల పక్కనుంచి గాలి జారుకోవడానికి బోలెడు వ్యవధి దొరుకుతుంది. అసలు వేడి పై లెక్కకంటే చాలా కిందే ఉంటుంది. అలాంటి చోట ఇంకో పద్దెనిమిది డిగ్రీలు తగ్గడమంటే డీజిల్ అంటుకోకుండా ఆవిరై తెల్లపొగగా బయటికి పోవడమే.

కంప్రెషన్ గేజ్ చూపే పీడనం వేరు, కంప్రెషన్ రేషియో వేరు అని కూడా గుర్తుంచుకోవాలి. రింగులు అరిగితే, వాల్వ్ సరిగా కూర్చోకపోతే గేజ్ అంకె పడిపోతుంది, రేషియో మాత్రం మారదు. అది లోహం ఆకారాన్ని బట్టి ఉండే అంకె. కాబట్టి గేజ్ తక్కువ చూపగానే రింగులు మార్చేసి, అయినా బండి లేవకపోతే, సీసపు తీగతో సందు చూడటం తర్వాతి పని. ఇంకో మాట: ఇన్‌లెట్ వాల్వ్ పిస్టన్ అడుగు కొస దాటాక గానీ మూసుకోదు. ఆలోగా పైకి తోసిన కొంత గాలి వెనక్కి వెళ్లిపోతుంది. కాబట్టి నిజంగా ఒత్తుకునే గాలి మన లెక్క చెప్పినదానికంటే కొంత తక్కువే. ఇంజన్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి మాత్రం ఈ లెక్కే వాడతారు.

క్రాంక్ గ్రైండింగ్ చేయించినప్పుడు తప్పు రెండో వైపుకు పోతుంది. అరిగిన పిన్‌ను సన్నం చేసేటప్పుడు దాని కేంద్రం పావు మిల్లీమీటరు బయటికి జరిగితే r 55.25 అవుతుంది. స్ట్రోక్ అర మిల్లీమీటరు పెరిగి స్వెప్ట్ వాల్యూమ్ 664.46 అవుతుంది. అది స్వల్పమే. పిస్టన్ మాత్రం పావు మిల్లీమీటరు ఎక్కువ పైకి వచ్చి సందును 0.60కి తగ్గిస్తుంది. క్లియరెన్స్ వాల్యూమ్ 38.61, రేషియో 18.21. ఇంజన్ వేడెక్కి పిస్టన్ వ్యాకోచించి, బేరింగ్ లూజు తోడైతే మిగిలే ఆ సందు ఇంకా తగ్గుతుంది. పిస్టన్ తల సిలిండర్ హెడ్‌కు తగిలే టక్‌టక్ శబ్దం, విప్పి చూస్తే పిస్టన్ తల మీద హెడ్ అచ్చు, దీనికి గుర్తులు. గ్రైండింగ్ నుంచి తెచ్చిన క్రాంక్‌ను రెండు వీ-బ్లాకుల మీద పెట్టి, పిన్ పై అంచు మీద డయల్ గేజ్ ఆనించి, ఒక పూర్తి చుట్టు తిప్పితే గరిష్ఠ, కనిష్ఠ అంకెల తేడా నేరుగా 2r. పిన్ మందం రెండు చోట్లా ఒకటే కాబట్టి అది తేడాలో పోతుంది. ఇంత ప్రయాణం ఉన్న డయల్ లేకపోతే, క్రాంక్ బిగించాక, హెడ్ వేయకముందు ఇంజన్‌లోనే పై కొసన, కింది కొసన పిస్టన్ తల లోతును డెప్త్ గేజ్‌తో కొలిచి తేడా తీసుకోవచ్చు.

సరిచేయడానికి లెక్కను వెనక్కి నడిపించాలి. కావాల్సిన రేషియో 17.5 అయితే Vc విలువ Vs ను 16.5తో భాగిస్తే వస్తుంది. కొత్త క్రాంక్‌కు 664.46ను 16.5తో భాగించగా 40.27 సీసీ. అందులోంచి గుంట 35 తీసేస్తే 5.27. దాన్ని 60.13తో భాగిస్తే 0.088 సెం.మీ., అంటే సందు 0.88 మి.మీ. ఉండాలి. ఇప్పుడున్నది 0.60. కాబట్టి సిలిండర్ బ్లాక్ కింద వేసే షిమ్‌లను 0.28 మి.మీ. పెంచాలి. హెడ్‌ను ఫేసింగ్ చేయిస్తే సరిపోతుందనుకోవడం ఈ రకంలో పనికిరాదు. హెడ్ అడుగు చదునుగా ఉంటే ఎంత చెక్కినా సందు మారదు, వాల్వ్‌ల పల్లం మాత్రం తగ్గి అవి పిస్టన్‌కు దగ్గరవుతాయి. షిమ్ వేశాక సీసపు తీగతో మళ్లీ ఒకసారి కొలవాలి, ఎందుకంటే కొత్త గాస్కెట్ బిగించిన తర్వాత ఉండే మందం, చేతిలో ఉన్నప్పుడు కొలిచిన మందం కంటే తక్కువే వస్తుంది.